ఫ్రింజ్ వెడల్పు: ప్రశ్నలో మారింది ఏ దూరం?

ప్రశ్న: సార్, నాది మిర్యాలగూడ, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఫార్ములాలు నోటికి వచ్చు. కానీ తరంగదైర్ఘ్యం మార్చితే, చీలిక దూరం మార్చితే ఫ్రింజ్ వెడల్పు ఏమవుతుంది అని అడిగితే సగం బిట్లు తప్పు పోతున్నాయి. వ్యతికరణం, వివర్తనం రెండూ ఒకే ప్రశ్నలో వస్తే ఇక టెన్షనే. ఎట్లా తేల్చుకోవాలి?

జవాబు:

బిడ్డా, నేను నల్లగొండలో చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ పాఠంలో మార్కులు పోయేది లెక్క రాక కాదు. ప్రశ్నలో "దూరం" అనే మాట కనిపించగానే అది ఏ దూరమో చూడకుండా ఫార్ములాలో పెట్టేయడం వల్ల. "చీలిక దూరం" అని నువ్వు రాసిన మాటనే చూడు. అది రెండు చీలికల మధ్య ఎడమా, చీలికల నుంచి తెర దాకా ఉన్న దూరమా, ఒక్క చీలిక వెడల్పా? మూడూ వేర్వేరు పొడవులు. వాటిలో ఒకటి పెరిగితే ఫ్రింజ్‌లు విచ్చుకుంటాయి, ఒకటి పెరిగితే దగ్గరవుతాయి, ఇంకొకటి పెరిగితే ఫ్రింజ్ వెడల్పు కదలనే కదలదు. అందుకే ముందు పటం గీసి మూడింటికీ మూడు అక్షరాలు పెట్టు. రెండు చీలికల మధ్య ఎడం d, తెర దాకా దూరం D, ఒక్కో చీలిక వెడల్పు a. చీలిక వెడల్పుకు కొన్ని పుస్తకాలు b అని, కొన్ని d అనే రాస్తాయి. కాబట్టి ప్రశ్నలో ఉన్న అక్షరాన్ని నమ్ముకోకుండా, దాని పక్కన రాసిన మాటను చదువు.

రెండు చీలికల ప్రయోగంలో β = λD/d అని నీకు తెలుసు. అది ఎక్కడినుంచి వచ్చిందో కళ్ల ముందు ఉంచుకుంటే ఏది పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అన్న అనుమానం రాదు. తెర మధ్య నుంచి y ఎత్తులో ఒక బిందువు తీసుకో. అక్కడికి ఒక చీలిక నుంచి వచ్చే కాంతి రెండో దానికంటే కొంచెం ఎక్కువ దూరం నడవాలి. ఆ తేడానే పథభేదం, దాదాపు yd/D ఉంటుంది. మధ్యలో పథభేదం సున్నా కాబట్టి అక్కడ వెలుగు. పైకి పోతుంటే పథభేదం మెల్లగా పెరుగుతుంది. అది సరిగ్గా ఒక λ అయిన చోట మళ్లీ వెలుగు వస్తుంది. మధ్య నుంచి అక్కడి దాకా ఉన్న దూరమే ఫ్రింజ్ వెడల్పు.

ఇప్పుడు తరంగదైర్ఘ్యం పెంచామనుకో. పథభేదం ఆ పెద్ద λను అందుకోవాలంటే తెర మీద ఇంకా పైకి పోవాలి, అందుకే ఫ్రింజ్ వెడల్పు పెరుగుతుంది. చీలికల మధ్య ఎడం d పెంచితే, కొద్దిగా పైకి పోయినా పథభేదం గబగబా పెరుగుతుంది. λ తొందరగా వచ్చేస్తుంది, ఫ్రింజ్‌లు దగ్గరవుతాయి. తెరను వెనక్కి జరిపితే అవే కోణాల్లో పోయే కిరణాలు ఇంకా దూరం నడిచి ఇంకా ఎడంగా పడతాయి, కాబట్టి వెడల్పు పెరుగుతుంది.

అంకెలతో చూద్దాం. ఈ ఒక్క ఉదాహరణనే చివరిదాకా వాడుకుందాం. λ = 600 నానోమీటర్లు, D = 1.2 మీటర్లు, d = 0.3 మిల్లీమీటర్లు. యూనిట్ల దగ్గర పదుల ఘాతాలతో కుస్తీ పట్టకుండా ఒక పద్ధతి చెబుతాను. తరంగదైర్ఘ్యాన్ని మైక్రోమీటర్లలో, D ని మీటర్లలో, d ని మిల్లీమీటర్లలో వేస్తే జవాబు నేరుగా మిల్లీమీటర్లలో వస్తుంది. 600 నానోమీటర్లంటే 0.6 మైక్రోమీటర్లు. కాబట్టి β = 0.6 × 1.2 / 0.3 = 2.4 మిల్లీమీటర్లు. సరిచూసుకుందాం: మధ్య నుంచి 2.4 మిల్లీమీటర్ల ఎత్తులో yd/D కట్టు, సరిగ్గా 600 నానోమీటర్లు వస్తుంది.

ఎరుపు వైపు ఉన్న ఈ కాంతి బదులు 450 నానోమీటర్ల నీలి కాంతి వేస్తే β 1.8 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. మళ్లీ 600 కే వచ్చి d ని రెట్టింపు చేసి 0.6 చేస్తే 1.2 మిల్లీమీటర్లు. d ని 0.3 గానే ఉంచి తెరను 2.4 మీటర్లకు జరిపితే 4.8 మిల్లీమీటర్లు. d ని సగం చేసి D ని రెట్టింపు చేయమంటే నాలుగు రెట్లు, 9.6 మిల్లీమీటర్లు. d, D రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగితే వెడల్పు మారదు.

శాతాల్లో అడిగినప్పుడు మాత్రం తొందరపడకు. తరంగదైర్ఘ్యం 10 శాతం పెరిగి, d 10 శాతం తగ్గితే వెడల్పు 20 శాతం పెరుగుతుందని చాలామంది పెట్టేస్తారు. 1.1 ని 0.9 తో భాగించు, 1.222 వస్తుంది, అంటే దాదాపు 22 శాతం. ఎప్‌సెట్ లాంటి పరీక్షల్లో 20, 22 రెండూ ఆప్షన్లలో ఉంటే ఆ తేడానే మార్కు.

ఇంకో మాట కోసం కూడా ప్రశ్నను జాగ్రత్తగా చదవాలి. వాళ్లు అడిగింది ఫ్రింజ్ వెడల్పా, కోణీయ వెడల్పా? కోణీయ వెడల్పు λ/d. అందులో D లేదు. తెరను ఎంత వెనక్కి జరిపినా తెర మీద మిల్లీమీటర్లు పెరుగుతాయి గానీ కోణం అలాగే ఉంటుంది. "తెరను దూరం జరిపితే కోణీయ వెడల్పు ఏమవుతుంది" అని అడిగితే జవాబు "మారదు".

మొత్తం అమరికను నీళ్లలో ముంచే ప్రశ్న ఒకటి తప్పకుండా తగులుతుంది. నీటి వక్రీభవన గుణకం 4/3. నీటిలో కాంతి వేగం తగ్గుతుంది, పౌనఃపున్యం మారదు, కాబట్టి తరంగదైర్ఘ్యం తగ్గి 600 కాస్తా 450 అవుతుంది. ఫ్రింజ్ వెడల్పు 1.8 మిల్లీమీటర్లు, అంటే ఇందాక గాలిలో నీలి కాంతికి వచ్చినంతే. కానీ రంగు నీలంగా మారదు. రంగు పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది, అది మారలేదు కదా. వెడల్పు సరిగ్గా చెప్పి రంగు దగ్గర తప్పు పెట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను.

వెడల్పుతో సంబంధం లేని మార్పులు కొన్ని ఉంటాయి, వాటిని వేరే గుర్తుపెట్టుకో. ఒక చీలిక ముందు పలుచని గాజు పలక లేదా అభ్రకం రేకు పెడితే ఆ దారిలో అదనపు పథం చేరుతుంది. మొత్తం ఫ్రింజ్‌లన్నీ ఆ చీలిక వైపు జరుగుతాయి. కానీ పక్కపక్క ఫ్రింజ్‌ల మధ్య ఎడం అంతే ఉంటుంది. వెనకాల ఉండే మూల చీలికను కొంచెం పైకి జరిపితే ఫ్రింజ్‌లు కిందికి జరుగుతాయి, వెడల్పు అంతే. ఆ మూల చీలికను జంట చీలికలకు దగ్గరగా తెచ్చినా, దాన్ని వెడల్పు చేసినా β అంతే, ఫ్రింజ్‌లు మసకబారి వెలుగు చీకట్ల తేడా తగ్గుతుంది. అందుకే ప్రశ్న చదవగానే "ఇది పట్టీలను జరిపే మార్పా, విప్పార్చే మార్పా, మసకబార్చే మార్పా" అని చూడు. వెడల్పును మార్చగలిగేవి λ, D, d మాత్రమే. వక్రీభవన గుణకం కూడా λ ద్వారానే లోపలికి వస్తుంది.

ఇక నీకు టెన్షన్ పెడుతున్న వివర్తనానికి వద్దాం. పానగల్ చెరువులో అలలు ఒక ఇరుకు సందులోంచి అవతలికి పోయినప్పుడు చూశావా? సందు వెడల్పుగా ఉంటే అలలు దాదాపు నేరుగా పోతాయి. ఇరుకైన కొద్దీ అవతల విసనకర్రలా విచ్చుకుంటాయి. కాంతికీ అంతే. చీలిక ఎంత సన్నదైతే తెర మీద మధ్య వెలుగు అంత వెడల్పు. మామూలు నీడల అలవాటుతో ఆలోచిస్తే సన్న సందు నుంచి సన్న వెలుగు రావాలి అనిపిస్తుంది. వివర్తనంలో దానికి తలకిందులు.

ఒక్క చీలికకు మొదటి చీకటి a sinθ = λ దగ్గర వస్తుంది. ఇక్కడే పిల్లలు ఆగిపోతారు. రెండు చీలికలకు d sinθ = λ అంటే వెలుగు, ఒక చీలికకు a sinθ = λ అంటే చీకటి, చూడటానికి ఒకే సమీకరణం. ఎందుకిట్లా? చీలిక వెడల్పు 0.1 మిల్లీమీటరు అనుకో. పై అంచు నుంచి, కింది అంచు నుంచి వచ్చే కాంతి మధ్య పథభేదం సరిగ్గా ఒక λ ఉన్న దిక్కును తీసుకో. ఇప్పుడు చీలికను మనసులో సగానికి కోసి, పై సగం 0.05, కింది సగం 0.05 అనుకో. పై సగంలోని ప్రతి బిందువుకు దానికి సరిగ్గా 0.05 మిల్లీమీటర్ల కింద, కింది సగంలో ఒక జత బిందువు దొరుకుతుంది. ఆ జత మధ్య పథభేదం λ/2. ఒకదాని శిఖరం ఉన్నచోట రెండోదాని లోయ ఉంటుంది, జతలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే చీకటి. రెండు చీలికల లెక్కలో ఉన్నవి రెండే మూలాలు, వాటి మధ్య తేడా λ అయితే శిఖరం మీద శిఖరం పడుతుంది. ఇక్కడ ఉన్నది చీలిక నిండా ఉన్న బిందువుల గుంపు. λ అనే తేడా గుంపు రెండు చివరలకే, మిగతావన్నీ జతలుగా రద్దయిపోతాయి.

మధ్య వెలుగు పట్టీ ఈ వైపు మొదటి చీకటి నుంచి ఆ వైపు మొదటి చీకటి దాకా ఉంటుంది కాబట్టి దాని పూర్తి వెడల్పు 2λD/a. "మధ్య పట్టీ సగం వెడల్పు" అని అడిగితే ఆ 2 ఉండదు. పక్కన ఉండే చిన్న పట్టీల వెడల్పు కూడా λD/a, అంటే మధ్యదానిలో సగం. మన ఉదాహరణలో a = 0.1 అయితే 2 × 0.6 × 1.2 / 0.1 = 14.4 మిల్లీమీటర్లు. తరంగదైర్ఘ్యం 450 చేస్తే 10.8. చీలికను సగం చేసి 0.05 చేస్తే 28.8. చీలికను ఇలా సన్నబరిస్తే వెలుగు పరుచుకోవడమే కాదు, మసకబారుతుంది కూడా, ఎందుకంటే లోపలికి వచ్చే కాంతి తగ్గింది, వచ్చినది ఎక్కువ చోట పరుచుకుంది.

ఇప్పుడు రెండూ కలిసిన ప్రశ్న. నిజానికి ఏ జంట చీలికల ప్రయోగంలోనైనా రెండూ కలిసే ఉంటాయి. ఒక్కో చీలికకు ఎంతో కొంత వెడల్పు ఉంటుంది కదా. తెర మీద ఎంత మేర వెలుగు పరుచుకోవాలో a నిర్ణయిస్తుంది. ఆ పరుచుకున్న వెలుగును ఎంత దగ్గర దగ్గరగా చారలుగా కోయాలో d నిర్ణయిస్తుంది. ఈ రెండు పనులను కలపకుండా విడివిడిగా చూస్తే టెన్షన్ అక్కర్లేదు.

మన అంకెల్లో మధ్య వెలుగు 14.4 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి ఇటు 7.2, అటు 7.2. చారలు 2.4 కు ఒకటి. మధ్యలో ఒకటి, 2.4 దగ్గర ఒకటి, 4.8 దగ్గర ఒకటి. మూడోది 7.2 దగ్గర రావాలి, కానీ సరిగ్గా అక్కడే ఒక్కో చీలిక చీకటి ఇస్తోంది. రెండు చీలికలు శిఖరాలు కలుపుదామన్నా అక్కడికి ఏ చీలిక నుంచీ కాంతి రావడం లేదు. అందుకే మూడో చార కనిపించదు. దాన్నే లోపించిన క్రమం అంటారు. లెక్కపెడితే మధ్య వెలుగులో ఉన్నవి 5 చారలు: మధ్యది, ఇటు రెండు, అటు రెండు.

ఇక్కడ తరంగదైర్ఘ్యం 450 చేయి. చారల ఎడం 1.8, మధ్య వెలుగు 10.8. బొమ్మ మొత్తం ఒకే నిష్పత్తిలో ముడుచుకుంది, చారలు మాత్రం ఐదే. తెరను వెనక్కి జరిపినా అంతే, బొమ్మ పెద్దదవుతుంది, చారలు ఐదే. ఎందుకంటే చారల సంఖ్య d/a నిష్పత్తి మీదే ఆధారపడుతుంది, అందులో λ లేదు, D లేదు. "కాంతి రంగు మార్చితే మధ్య వెలుగులో చారల సంఖ్య ఏమవుతుంది" అన్న ప్రశ్నకు "పెరుగుతుంది" అని పెట్టేవాళ్లు చార సన్నబడటాన్ని చూస్తారు, మధ్య వెలుగు కూడా అంతే ముడుచుకుందని చూడరు.

d ని రెట్టింపు చేసి 0.6 చేస్తే మధ్య వెలుగు 14.4 దగ్గరే ఉంటుంది, చారలు 1.2 కు ఒకటి వస్తాయి, ఆరోది లోపిస్తుంది, లోపల 11 చారలు. దాన్ని వదిలేసి d ని మళ్లీ 0.3 చేసి, a ని సగం చేసి 0.05 చేయి. ఈసారి చారల ఎడం 2.4 దగ్గరే ఉంటుంది, మధ్య వెలుగు 28.8 కు విచ్చుకుంటుంది, ఇక్కడా ఆరోది లోపిస్తుంది, ఇక్కడా 11 చారలు. రెండు చోట్లా సంఖ్య ఒకటే అయినా తెర మీద బొమ్మ వేరు. మొదటిదాంట్లో అదే చోటులో చారలు సన్నబడి దగ్గరయ్యాయి. రెండోదాంట్లో చారలు మారలేదు, కొత్త చారలు పక్కన కనబడసాగాయి. ఈ రెండు బొమ్మలను కాగితం మీద పక్కపక్కన గీసి చూడు. d కీ a కీ తేడా అక్కడ ఒక్కసారి కంటికి కనిపిస్తే ఫార్ములాల జాబితా చదివే పని తగ్గుతుంది.

d/a పూర్ణసంఖ్య అయితే చారల సంఖ్య 2(d/a) − 1. పూర్ణసంఖ్య కాకపోతే ఈ సూత్రం వాడకు. ఉదాహరణకు d = 0.35, a = 0.1 అయితే నిష్పత్తి 3.5. సూత్రంలో వేస్తే 6 వస్తుంది. కానీ మధ్యది ఒకటి, ఇరుపక్కలా సమానంగా ఉండాలి కాబట్టి సరిసంఖ్య రాదు. 3.5 కంటే చిన్న క్రమాలు 1, 2, 3. ఇటు మూడు, అటు మూడు, మధ్యది కలిపి 7.

పుస్తకాల్లో కనిపించే ఒక లెక్క దగ్గర కూడా పిల్లలు గందరగోళపడతారు. రెండు చీలికల మధ్య ఎడం 1 మిల్లీమీటరు. ఒక్క చీలిక మధ్య వెలుగులో 10 వ్యతికరణ గరిష్ఠాలు ఇమడాలంటే ఒక్కో చీలిక వెడల్పు ఎంత? అక్కడ 10 ఫ్రింజ్ వెడల్పులు మధ్య వెలుగు వెడల్పుకు సమానం అని తీసుకుంటారు: 10 λ/d = 2λ/a, కాబట్టి a = d/5, 0.2 మిల్లీమీటర్లు. నువ్వు ఇందాకటి లెక్కతో d/a = 5 వేస్తే 9 చారలే వస్తాయి. రెండు చివరల్లోనూ ఐదోది లోపించిన చోట సగం సగం ఫ్రింజ్ స్థలం మిగులుతుంది, ఆ రెండు సగాలనూ కలిపి లెక్కిస్తే పది వెడల్పులు. కాబట్టి ప్రశ్న "10 ఇమడాలి" అని వెడల్పు అడిగితే 0.2 పెట్టు. d/a ఇచ్చి "ఎన్ని గరిష్ఠాలు కనిపిస్తాయి" అని సంఖ్యే అడిగితే లోపించినదాన్ని తీసేసి 9 పెట్టు.

ఈ సూత్రాలన్నీ చిన్న కోణాలకు, తెర చాలా దూరంలో ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఎంత దూరం చాలు అంటే, ఒక్క చీలికకు D విలువ a²/λ కంటే చాలా ఎక్కువ ఉండాలి. a = 0.1 మిల్లీమీటరుకు a²/λ దాదాపు 1.7 సెంటీమీటర్లు. 1.2 మీటర్ల తెరకు ఢోకా లేదు. చీలికను 1 మిల్లీమీటరు చేస్తే అదే విలువ 1.7 మీటర్లకు పోతుంది, తెర అంతకన్నా దగ్గరే ఉంది. సూత్రంలో వేస్తే మధ్య వెలుగు 1.44 మిల్లీమీటర్లని ఏదో ఒక అంకె వస్తుంది, కానీ తెర మీద అసలు కనిపించేది దాదాపు చీలిక ఆకారంలోని వెలుగే. రోజూ కిటికీ సందుల్లోంచి వచ్చే వెలుతురులో వివర్తనం మన కంటపడకపోవడానికి ఒక కారణం ఇదే.

ఇంట్లోనే దీన్ని పరీక్షించుకోవచ్చు. ఎర్ర లేజర్ పాయింటర్ ఒకటి, నీ తల వెంట్రుక ఒకటి చాలు. కాంతిని నేరుగా కంట్లోకి గానీ, అద్దం మీదికి గానీ పడనివ్వకు. వెంట్రుకను లేజర్ మూతి ముందు నిలువుగా టేపుతో అంటించి, చీకటి గదిలో 3 మీటర్ల దూరంలోని గోడ మీద వెయ్యి. చీలికలాగే సన్నని అడ్డంకి కూడా వివర్తనం ఇస్తుంది, మధ్యలోని లేజర్ చుక్కను వదిలేస్తే చీకటి గీతలు అవే చోట్ల వస్తాయి, వాటి ఎడం λD/a. లేజర్ 650 నానోమీటర్లది, వెంట్రుక 0.07 మిల్లీమీటర్లది అయితే 0.65 × 3 / 0.07, అంటే దాదాపు 28 మిల్లీమీటర్లు, మామూలు స్కేలుతో కొలవగలిగినంత. ఒక పక్కన మొదటి చీకటి నుంచి నాలుగో చీకటి దాకా కొలిచి మూడుతో భాగిస్తే కొలతలో తప్పు తగ్గుతుంది. గోడకు 1.5 మీటర్ల దూరానికి వస్తే ఎడం సగమవుతుంది. 532 నానోమీటర్ల పచ్చ లేజర్ దొరికితే 3 మీటర్ల దగ్గర 28 కాస్తా 23 కు తగ్గుతుంది. వెంట్రుక తీసేసి కరెంటు వైరులోని సన్న రాగి పోగు పెట్టు. అది 0.2 మిల్లీమీటర్లు ఉంటే చీకటి గీతల ఎడం 10 మిల్లీమీటర్ల లోపుకు వచ్చేస్తుంది. కొలిచిన ఎడాన్ని బట్టి వెనక్కి లెక్క కట్టి నీ వెంట్రుక మందం ఎంతో చెప్పు. 0.05 కూ 0.1 కూ మధ్య వస్తే నీ కొలత సరిగ్గా ఉన్నట్టే.